టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు పడుతుండగానే విరిగిన వెన్నుపూస: ఒక కేసు

ఈ పేషెంటుకు టెస్టోస్టెరాన్ తక్కువగా ఉందని మా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందే తెలుసు. ఇంజెక్షన్లు కూడా తీసుకుంటున్నారు. అయినా వెన్నుపూస విరిగింది. హార్మోన్ లోపం కనిపించిన రోజున ఎముకల సంగతి ఎవరూ అడగకపోతే ఏమవుతుందో, విరిగాక ఏ నిర్ణయం ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో ఈ కేసులో వివరంగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేపథ్యం

వయసు 52. కూర్చుని చేసే ఉద్యోగం. పొడుగ్గా, సన్నగా ఉంటారు, పొట్ట మాత్రం కొద్దిగా ఉంది. సిగరెట్, మద్యం అలవాట్లు లేవు. స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడూ వాడలేదు. పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పెళ్లయిన కొత్తలో చేసిన వీర్య పరీక్షలో శుక్రకణాలు అసలు కనిపించలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. దాని మీద ఆ తర్వాత ఎవరూ ముందుకు వెళ్లలేదు.

47 ఏళ్ల వయసులో ఇంట్లో నేల మీద జారి చెయ్యి ఊతంగా పెడితే మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే 47 ఏళ్ల పురుషుడి మణికట్టు ఎందుకు విరిగిందని ఆలోచించడానికి అది మొదటి అవకాశం.

ఆ తర్వాత మూడేళ్లకు నీరసం, కోరికలు తగ్గడం అని ఒక క్లినిక్‌కి వెళ్లారు. అక్కడ మధ్యాహ్నం పూట తీసిన ఒక్క రక్త పరీక్షలో టెస్టోస్టెరాన్ 190 నానోగ్రాములు వచ్చింది (డెసిలీటరుకు, కింద టెస్టోస్టెరాన్ అంకెలన్నిటికీ అదే కొలత). 250 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ మూడు వారాలకోసారి రాశారు. ఒంట్లో ఓపిక పెరిగినట్టు అనిపించింది. ఓపికగా ఉన్నప్పుడు ఇంజెక్షన్ మానేయడం, నీరసం రాగానే మళ్లీ వేయించుకోవడం, ఇలా రెండేళ్లు గడిచాయి.

వచ్చిన సమస్య

సూట్‌కేసు ఎత్తి అలమర పైన పెడుతుంటే నడుము పైభాగంలో కలుక్కుమంది. కండరం పట్టిందని నొప్పి మాత్రలు, నడుముకు బెల్టు ఇచ్చారు. ఆరు వారాలైనా తగ్గలేదు. పడుకుంటే కొంత నయం, లేచి నిలబడితే ఎక్కువ. కండరం నొప్పయితే ఈపాటికి చాలావరకు తగ్గాలి. పైగా వెన్నెముక మీద నడిమధ్యలో, ఒకే చోట నొక్కితే ఉలిక్కిపడుతున్నారు. పక్క నుంచి ఎక్స్‌రే తీయించాం. నడుములోని మొదటి పూస ముందువైపు నలిగి చీలలా కుదించుకుపోయింది.

ఎత్తు కొలిచాం. పాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఉన్నదానికన్నా నాలుగు సెంటీమీటర్లు తక్కువ. ఆ సంగతి ఆయన గమనించలేదు. పూస నలిగిన వాళ్లలో ఎక్కువ మందికి అది జరిగినట్టే తెలియదు, నడుము నొప్పి అనుకుని సరిపెట్టుకుంటారు. ఎత్తు కొలవడానికి ఒక్క నిమిషం పడుతుంది. నడుము నొప్పితో వచ్చే నడివయసు పురుషుడి విషయంలో నేను వదలని పరీక్ష అది.

వృషణాలు పరీక్షించాం. రెండూ చిన్నవి, గట్టివి, ఒక్కొక్కటి నాలుగు మిల్లీలీటర్లకు మించదు. పెద్దవాళ్లలో 15 నుంచి 25 దాకా ఉండాలి. ఈ పరీక్ష ఇంతకు ముందు ఎవరైనా చేశారా అని అడిగితే, "లేదు డాక్టర్ గారూ, రక్తం మాత్రమే తీసుకున్నారు" అన్నారు.

మొదటి నిర్ణయం: కారణం తేల్చకుండా మందు మొదలుపెట్టకూడదు

వెన్నుపూస నలిగిందంటే ముందుగా ఆలోచించాల్సింది ఎముక గుల్లబారడం గురించి కాదు, దానిలా కనిపించే ఇతర జబ్బుల గురించి. ముఖ్యంగా ఎముక మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్, వేరే చోటి నుంచి ఎముకకు పాకిన క్యాన్సర్. అందుకని సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరిసిస్, క్యాల్షియం, ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, థైరాయిడ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ పంపాం. ప్రొటీన్ పరీక్షలో తేడా ఏమీ లేదు. విటమిన్ డి మిల్లీలీటరుకు 14 నానోగ్రాములు మాత్రమే ఉంది, పారాథైరాయిడ్ హార్మోన్ దానికి తగ్గట్టు కొద్దిగా పెరిగింది. మిగతావి బాగున్నాయి.

టెస్టోస్టెరాన్ విషయంలో పాత రిపోర్టు మీద ఆధారపడలేదు. ఈ హార్మోన్ ఉదయం ఎక్కువగా ఉండి, రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిన్న తర్వాత కూడా తగ్గుతుంది. ఒంట్లో ఏదైనా జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లోనూ తగ్గుతుంది. కాబట్టి పరగడుపున, ఉదయం పది లోపు, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు తక్కువ వస్తేనే లోపం అనాలి. చివరి ఇంజెక్షన్ వేయించుకుని ఆయనకు రెండు నెలలు దాటింది, అందుకని ఇప్పుడు చేస్తే అసలు స్థాయి తెలుస్తుంది. రెండుసార్లూ 160 లోపే వచ్చింది.

దానితో పాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూడాలి. ఇవి పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే ఆదేశాలు. టెస్టోస్టెరాన్ తక్కువ ఉండి ఇవి కూడా తక్కువగానో, మామూలుగానో ఉంటే లోపం పైన, అంటే పిట్యూటరీలో ఉన్నట్టు. అప్పుడు ప్రొలాక్టిన్, ఇనుము నిల్వలు, అవసరమైతే మెదడు ఎంఆర్ఐ వైపు వెళ్తాం. ఈయనకు రెండూ బాగా పెరిగి ఉన్నాయి. అంటే ఆదేశం గట్టిగానే వెళ్తోంది, పని చేయాల్సిన వృషణాలే చేయలేకపోతున్నాయి. పొడవైన మనిషి, చిన్న గట్టి వృషణాలు, శుక్రకణాలు లేవన్న పాత రిపోర్టు, ఇవన్నీ కలిపి చూసి క్రోమోజోముల పరీక్ష పంపాం. 47,XXY అని, అంటే ఒక X క్రోమోజోము అదనంగా ఉందని వచ్చింది. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. మగపిల్లల్లో సుమారు 600 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి జీవితాంతం బయటపడదు. ఎముకల సంగతికి వస్తే ఇందులో ముఖ్యమైనది లోపం మొదలైన వయసు. ఎముక సాంద్రత ఇరవైలలో, ముప్పైల మొదట్లో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ వయసులోనే హార్మోన్ చాలకపోతే నిల్వ పూర్తిగా చేరదు, తర్వాత జరిగే తరుగుదల ఆ తక్కువ నిల్వలోంచే జరుగుతుంది. 50లో లోపం వచ్చిన వ్యక్తికీ, యవ్వనం నుంచీ లోపం ఉన్న వ్యక్తికీ రక్త పరీక్షలో ఒకే అంకె రావచ్చు. ఎముకలు మాత్రం ఒకేలా ఉండవు.

రెండో నిర్ణయం: ఎముక విరిగాక స్కాన్ ఎందుకు?

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి ఆయన భార్య అడిగిన ప్రశ్న ఇది. "విరిగిందని ఎక్స్‌రేలోనే కనిపిస్తోంది కదండీ, మళ్లీ డెక్సా ఎందుకు?" మంచి ప్రశ్న. నిజానికి చిన్న బరువెత్తితే పూస నలిగిందంటే, స్కాన్ అంకె ఎంత వచ్చినా సరే, ఎముక బలహీనమని తేలిపోయినట్టే. మందు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఈయనకు స్కాన్ అక్కర్లేదు. కానీ మందు పని చేస్తోందో లేదో రెండేళ్ల తర్వాత తెలియాలంటే, మొదలుపెట్టిన రోజు ఎక్కడ ఉన్నామో తెలియాలి. అందుకు చేయించాం.

రిపోర్టులో, ఆరోగ్యంగా ఉన్న యువ వయసువాళ్ల సాంద్రతతో పోల్చి చెప్పే టి-స్కోర్ నడుములో మైనస్ 2.1, తుంటి ఎముక మెడ భాగంలో మైనస్ 2.4 వచ్చింది. కింద ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కొంత తగ్గిందని రాసి ఉంది. మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితేనే ఆస్టియోపొరోసిస్, అంటే గుల్లబారిన ఎముక అంటారు కాబట్టి, కాగితం ప్రకారం ఈయన గీతకు ఇవతలే ఉన్నారు.

ఆ కాగితాన్ని అలాగే నమ్మితే తప్పుదారి పడతాం. డెక్సా కొలిచేది పూసలోని ఖనిజాన్ని దాని నీడ వైశాల్యంతో భాగించిన లెక్క. నలిగిన పూసలో ఖనిజం అంతే ఉంటుంది, వైశాల్యం మాత్రం తగ్గుతుంది. దాంతో విరిగిన పూసే అన్నిటికన్నా గట్టిదిగా లెక్క తేలుతుంది. అందుకే స్కాన్ కొలిచిన నాలుగు నడుము పూసలకు విడివిడిగా ఉన్న పట్టిక చూశాం. మొదటి పూస స్కోరు పక్క పూస కన్నా ఒక పాయింటుకు పైగా మెరుగ్గా ఉంది. దాన్ని తీసేసి మిగతా మూడింటికి లెక్క వేయిస్తే మైనస్ 2.8 వచ్చింది. ఇంకో సంగతి, పొడవైన మనిషికి ఎముకలు పెద్దవి కావడం వల్ల ఈ లెక్కలో సాంద్రత ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. కాబట్టి అసలు పరిస్థితి ఆ అంకె చెప్పేదానికన్నా కొంత అధ్వాన్నమే అనుకోవాలి.

వయసు పెరిగినవాళ్లలో నడుము పూసల చుట్టూ అరుగుదల వల్ల పెరిగే ఎముక కూడా ఇలాగే స్కోరును పెంచి చూపిస్తుంది. అందుకే స్కాన్ రిపోర్టు చివరి వాక్యం ఒక్కటే కాకుండా బొమ్మ, పట్టిక కూడా ఇవ్వమని అడుగుతాను.

ఫలించనిది: టెస్టోస్టెరాన్ ఒక్కటే

రెండేళ్ల ఇంజెక్షన్లు ఎముకను ఎందుకు కాపాడలేదు? మొదటి కారణం, అవి సక్రమంగా పడలేదు. ఈ రకం ఇంజెక్షన్ వేసిన కొద్ది రోజులు స్థాయి బాగా పెరిగి, మూడో వారానికి దిగిపోతుంది. నెలల తరబడి మానేస్తే ఎముకకు అందేది ఏమీ ఉండదు.

సక్రమంగా పడినా అదొక్కటే చాలేది కాదని నా అభిప్రాయం. టెస్టోస్టెరాన్ ఇస్తే సాంద్రత పెరుగుతుందన్నది నిజమే. 65 దాటిన పురుషుల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క ఏడాది జెల్ వాడితేనే వెన్నుపూసల సాంద్రత స్పష్టంగా పెరిగింది. కానీ మనకు కావలసింది అంకె పెరగడం కాదు, విరగకపోవడం. 2024లో వచ్చిన ట్రావర్స్ అధ్యయనంలో టెస్టోస్టెరాన్ తక్కువగా ఉన్న ఐదు వేల మందికి పైగా పురుషులను దాదాపు మూడేళ్లు గమనించారు. జెల్ వాడినవాళ్లలో 3.5 శాతం మందికి, ఉత్తుత్తి జెల్ వాడినవాళ్లలో 2.5 శాతం మందికి ఎముకలు విరిగాయి. మందు వాడినవాళ్లకే ఎక్కువ. వాళ్లు ఎముకలు గుల్లబారాయని ఎంపిక చేసినవాళ్లు కారు, గుండె జబ్బు ఉన్నవాళ్లో దాని ముప్పు ఉన్నవాళ్లో. అందువల్ల ఆ ఫలితం యవ్వనం నుంచీ తీవ్రమైన లోపమున్న ఈయనకు నేరుగా వర్తించదు. అయినా ఒక్క విషయం మాత్రం చెప్పొచ్చు. టెస్టోస్టెరాన్ ఎముకలు విరగకుండా ఆపుతుందని చూపిన పెద్ద అధ్యయనం లేదు. ఆ పని చేస్తాయని రుజువైన మందులు వేరే ఉన్నాయి.

ఇక్కడ ఒక పక్క మాట. మగవాళ్ల ఎముకను కాపాడేది చాలావరకు టెస్టోస్టెరాన్ నుంచి ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజెన్. 1994లో వైద్య పత్రికలో నమోదైన 28 ఏళ్ల యువకుడికి టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది, కానీ ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకం పని చేయదు. అతని ఎముకలు గుల్లబారి ఉన్నాయి, ఆ వయసులోనూ ఎత్తు పెరుగుతూనే ఉన్నాడు. జిమ్ములో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్‌తో పాటు ఈస్ట్రోజెన్‌ను తగ్గించే అనాస్ట్రోజోల్ వాడేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు తమ ఎముకకు రక్షణ ఇచ్చేదాన్నే తగ్గించుకుంటున్నారు.

ఫలించినది

ముందు విటమిన్ డి సరిచేశాం. వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకోసారి. ఇది ముందే చేయడానికి కారణం ఉంది. ఎముక మందు ఇచ్చాక ఎముకలోంచి క్యాల్షియం బయటికి రావడం తగ్గుతుంది. ఆ సమయంలో విటమిన్ డి లోపం ఉంటే రక్తంలో క్యాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. పళ్లు కూడా చూపించుకోమన్నాం, పీకాల్సిన పన్ను ఏదైనా ఉంటే ముందే అయిపోవాలి.

ఎముక మందుగా ఏడాదికోసారి సెలైన్‌లో ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఎంచుకున్నాం. గుల్లబారిన ఎముకలున్న పురుషుల్లోనే చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లలో కొత్తగా పూసలు నలిగినవాళ్లు మందు లేనివాళ్లలో 4.9 శాతం ఉంటే, మందు తీసుకున్నవాళ్లలో 1.6 శాతమే. మాత్రల రూపంలో ఉండే అలెండ్రోనేట్ వారం వారం గుర్తుపెట్టుకుని పరగడుపున వేసుకోవాలి. ఇంజెక్షన్లనే ఇష్టమొచ్చినప్పుడు మానేసిన మనిషికి అది సరిపడదు. డెనోసుమాబ్ ఆరు నెలలకోసారి, ఒక డోసు ఆలస్యమైతేనే ఒకేసారి చాలా పూసలు నలిగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈయన విషయంలో దాన్ని పక్కన పెట్టాం. ఎముకను కట్టే టెరిపారటైడ్ గురించి గట్టిగానే ఆలోచించాం. రెండో పూస కూడా నలిగి ఉంటే దానితోనే మొదలుపెట్టేవాళ్లం. రోజూ ఇంజెక్షన్ కాబట్టి మొదటి ఎంపికగా వద్దనుకున్నాం.

మొదటి డోసు తర్వాత రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. వస్తాయని ముందే చెప్పి, పారాసెటమాల్ రాసి ఉంచాం కాబట్టి కంగారు పడలేదు.

టెస్టోస్టెరాన్ ఆపలేదు, పద్ధతి మార్చాం. కండరం, కోరిక, రక్తం, ఎముక అన్నిటికీ అది ఆయనకు అవసరమే. ఇంజెక్షన్ల కాలంలో ఒక రిపోర్టులో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 52 శాతం దాకా వెళ్లింది. 54 దాటితే ఆపాల్సి వస్తుంది. పైగా క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లకు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. రోజూ రాసుకునే జెల్‌తో ఎగుడుదిగుడులు తక్కువ, హెమటోక్రిట్ పెరగడం కూడా తక్కువ. ప్రోస్టేట్ కోసం చేసే రక్త పరీక్ష పీఎస్‌ఏ చూసుకుని అదే మొదలుపెట్టాం.

మూడు నెలల తర్వాత స్థాయి 240 దగ్గరే ఉంది. డోసు పెంచే ముందు ఎలా రాసుకుంటున్నారో అడిగాం. కాసేపు తటపటాయించి, "సగం ప్యాకెట్టే రాస్తున్నానండీ. ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివాను" అన్నారు. తప్పు పట్టాల్సిన పని లేదు, ఆ భయం సహజం. పీఎస్‌ఏ ఎందుకు చూస్తున్నామో, ట్రావర్స్‌లోనే ప్రోస్టేట్ క్యాన్సర్ ఉత్తుత్తి జెల్ వాడినవాళ్లకన్నా చెప్పుకోదగ్గంత పెరగలేదని వివరించాక పూర్తిగా రాసుకోవడం మొదలుపెట్టారు. తర్వాతి పరీక్షలో 480 వచ్చింది.

మధ్యలో ఒక అలజడి. ఆరు నెలలకే ఆయన సొంతంగా వేరే చోట డెక్సా చేయించుకుని, సాంద్రత ఐదు శాతం తగ్గిందని రిపోర్టు పట్టుకుని టెన్షన్‌గా వచ్చారు. అది వేరే కంపెనీ మెషిన్. కంపెనీ మారితే అంకెలే మారతాయి, వాటిని పోల్చకూడదు. అందులో విరిగిన పూసను తీయనూ లేదు. ఒకే మెషిన్ మీద చేసినా మూడు శాతం లోపు తేడా కొలతలో వచ్చే తేడా కావచ్చు. ఎముక మారే వేగం చాలా నెమ్మది. అందుకే మామూలుగా ఏడాదికో రెండేళ్లకో ముందు మళ్లీ స్కాన్ చేయించను. మందు మార్చలేదు.

రెండేళ్లకు మొదటి మెషిన్ మీదే, అవే మూడు పూసలకు కొలిస్తే సాంద్రత ఎనిమిది శాతం పెరిగింది, స్కోరు మైనస్ 2.3కి చేరింది. తుంటిలో పెరుగుదల తక్కువే, మూడు శాతం దాటింది. పక్క ఎక్స్‌రేలో కొత్తగా నలిగిన పూస లేదు. ఎత్తు తగ్గలేదు.

దీన్నుంచి నేను పాటిస్తున్నది

టెస్టోస్టెరాన్ లోపం నిజంగా ఉందని రెండు ఉదయం పరీక్షలతో తేలి, దానికి కారణం కూడా కనిపించినప్పుడు, ఎముక విరిగేదాకా ఆగకుండా అప్పుడే ఒక డెక్సా చేయిస్తాను. క్లైన్‌ఫెల్టర్, పిట్యూటరీ జబ్బులు, ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం హార్మోన్‌ను అణచే ఇంజెక్షన్లు, ఇవి ఈ కోవలోకి వస్తాయి. చివరిదానిలో తరుగుదల వేగంగా ఉంటుంది, ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టే సమయానికే స్కాన్ అయి ఉండాలి. 50 దాటాక చిన్న దెబ్బకు ఎముక విరిగినవాళ్లకు, మూడు నెలలకు పైగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు హార్మోన్‌తో సంబంధం లేకుండానే చేయిస్తాను. ఏ ప్రమాద కారణమూ లేని పురుషులకు 70 వచ్చాక చేయించాలని ఎముకల నిపుణుల మార్గదర్శకాలు చాలావరకు చెబుతున్నాయి. అమెరికాలో నివారణ పరీక్షలపై సలహా ఇచ్చే కమిటీ మాత్రం, మగవాళ్లందరికీ చేయించాలనడానికి ఆధారాలు చాలవంటుంది. నేను మొదటి మాట వైపే ఉంటాను, ఎందుకంటే తుంటి విరిగిన మగవాళ్లలో ఏడాదిలోపు చనిపోయేవాళ్లు ఆడవాళ్లకన్నా ఎక్కువ.

స్కాన్ అక్కర్లేదని నేను చెప్పి పంపేసేవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కువగా కనిపించేది, బరువు బాగా పెరిగిన నలభై ఏళ్ల మనిషి, సాయంత్రం తీసిన ఒక్క పరీక్షలో 270 అని రిపోర్టు. ఊబకాయంలో టెస్టోస్టెరాన్‌ను మోసే ప్రొటీన్ తగ్గుతుంది, దాంతో మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది, స్వేచ్ఛగా తిరిగే భాగం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ముందు పరీక్ష సరిగ్గా మళ్లీ చేయాలి. ఎముక విరిగిన చరిత్ర లేకపోతే స్కాన్ అతనికి ఏ నిర్ణయంలోనూ సాయపడదు. ఒకవేళ 50 లోపు వాళ్లకు చేయించాల్సి వస్తే టి-స్కోర్ కాకుండా, అదే వయసువాళ్లతో పోల్చే జడ్-స్కోర్ చూడాలి. మైనస్ 2 లేదా అంతకన్నా తక్కువైతే వయసుకు తగ్గ సాంద్రత లేదని అర్థం, అంతే. ఆ అంకె ఒక్కదాన్ని చూసి జబ్బు పేరు పెట్టకూడదు.

ఈయనకు మూడో జోలెడ్రోనిక్ డోసు త్వరలో ఉంది. తర్వాతి ఏడాది మళ్లీ అదే మెషిన్ మీద స్కాన్ చేసి, తుంటి స్కోరు మైనస్ 2.5 కన్నా మెరుగ్గా నిలబడి, కొత్తగా ఏదీ విరగకపోతే ఎముక మందుకు విరామం ఇస్తాం. జోలెడ్రోనిక్ ఎముకలో కొన్నేళ్లు నిలిచి ఉంటుంది కాబట్టి అది సాధ్యం. జెల్‌కు మాత్రం విరామం ఉండదు. హెమటోక్రిట్, పీఎస్‌ఏ ఏడాదికోసారి చూస్తూ దాన్ని కొనసాగించాలి.